పన్ను బాకీ వాయిదాల్లో కడతానని అధికారికి ఉత్తరం రాసే ముందు

ప్రశ్న: మాది రాజమహేంద్రవరంలో చిన్న బట్టల దుకాణం. 2024లో ఒక స్థలం అమ్మి, ఆ డబ్బుతో ఇల్లు కడతానని రిటర్నులో మినహాయింపు చూపించాను. ఇల్లు మొదలుపెట్టలేదు. డబ్బును బ్యాంకులో దానికోసం ఉండే ప్రత్యేక ఖాతాలోనూ వేయలేదు. ఇప్పుడు మినహాయింపు చెల్లదని రూ. 6,40,000 కట్టమన్నారు. నోటీసు జూన్ 8న వచ్చింది. అప్పీలు వేసినా నిలవదని మా ఆడిటరు గారు అంటున్నారు, నాకూ వేయాలని లేదు. డబ్బు అమ్మాయి పెళ్లికి, మా ఆవిడ ఆపరేషన్‌కు అయిపోయింది. ఇప్పుడు లక్ష కట్టగలను, మిగిలింది నెలనెలా కడతాను. ఇంట్లో ఆవిడ బంగారం ఉంది కానీ తాకట్టు పెట్టాలని లేదు. వాయిదాలు అడుగుతూ ఉత్తరం ఎవరికి రాయాలి, ఎలా రాయాలి? ఈలోగా దుకాణం ఖాతా స్తంభింపజేస్తారా? – ఒక పాఠకుడు

సమాధానం:

ఉత్తరం సంగతి కాసేపు పక్కన పెట్టి, నోటీసుతో పాటు వచ్చిన అసెస్‌మెంట్ ఆర్డర్ తీసి చివరి పేరా చదవండి. 270ఎ సెక్షన్ కింద జరిమానా చర్యలు విడిగా ప్రారంభిస్తున్నట్టు అక్కడ ఒక వాక్యం ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఆదాయం తక్కువ చూపినందుకు వేసే జరిమానా అది. తక్కువ చూపిన ఆదాయం మీద పడిన పన్నులో సగం వేస్తారు. మీకు వచ్చిన మొత్తంలో 2025 ఏప్రిల్ నుంచి ఈ జూన్ దాకా నెలకు నూటికి రూపాయి చొప్పున 15 నెలల వడ్డీ కలిసి ఉంటుంది. ఆ లెక్కన అసలు పన్ను సుమారు 5,56,000. అందులో సగమంటే 2,78,000 రూపాయలు. ఇది మీరు ఇప్పుడు కట్టాల్సిన 6,40,000లో లేదు. కొన్ని నెలల తర్వాత విడిగా వస్తుంది.

దీన్ని తప్పించుకునే దారి చట్టంలోనే ఉంది. 270ఎఎ సెక్షన్ ప్రకారం నోటీసులో ఇచ్చిన గడువు లోపల పన్ను, వడ్డీ పూర్తిగా కట్టేసి, అప్పీలు వేయకుండా, ఫారం 68లో దరఖాస్తు చేసుకుంటే జరిమానా నుంచి మినహాయింపు వస్తుంది. ఆర్డర్ అందిన నెల ముగిశాక ఒక నెల లోపల ఆ ఫారం ఇవ్వాలి. మీకు అది జూలై 31. చిక్కంతా ‘నోటీసులో ఇచ్చిన గడువు లోపల పూర్తిగా’ అన్న షరతులోనే ఉంది. అధికారి దయతలచి తొమ్మిది నెలల వాయిదాలు ఇచ్చినా, నోటీసులోని ముప్పై రోజుల్లో కట్టినట్టు కాదు. వాయిదాల ఉత్తరం పెట్టారంటే ఆ మినహాయింపును వదులుకున్నట్టే అనుకుని లెక్క వేసుకోండి.

అందుకే బంగారం మాట మళ్లీ ఎత్తుతున్నాను. మీకు ఇష్టం లేదని తెలుసు. కానీ బాకీ మీద పన్ను శాఖ నెలకు నూటికి రూపాయి వడ్డీ వేస్తుంది. బ్యాంకులో బంగారం మీద అప్పు దాదాపు అదే రేటుకు, చాలా చోట్ల అంతకన్నా కాస్త తక్కువకే దొరుకుతుంది. అంటే తొమ్మిది నెలలు వాయిదాలు కట్టినా, బంగారం పెట్టి ఇప్పుడే కట్టేసి ఆ అప్పును తొమ్మిది నెలల్లో తీర్చినా వడ్డీ ఇంచుమించు ఒకటే. తేడా అంతా ఆ 2,78,000 దగ్గరే వస్తుంది. ఆర్డర్‌లో ‘ఆదాయం తక్కువ చూపారు’ అన్న కారణంతో జరిమానా మొదలుపెట్టి ఉంటే, ఇంట్లో ఈ లెక్క కాగితం మీద వేసి ఆవిడకు చూపించి, నిర్ణయం ఆవిడకే వదిలేయండి. బంగారం ఆవిడది కదా. బయట రెండు రూపాయలకో మూడు రూపాయలకో తెచ్చి కట్టడం మాత్రం వేరే సంగతి. అప్పుడు మీ ఆడిటరు గారితో కూర్చుని జరిమానాను, వడ్డీని పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఆర్డర్‌లో ‘తప్పుగా చూపారు’ అని, అంటే మిస్‌రిపోర్టింగ్ అని రాసి ఉంటే జరిమానా 200 శాతం. పైన చెప్పిన దారి దానికి అదే రూపంలో వర్తించదు కాబట్టి ముందుగా ఆ మాట మీదే సలహా తీసుకోవాలి.

జరిమానా ప్రస్తావన లేకపోయినా, బంగారం పెట్టడం కుదరదని ఇంట్లో తేల్చుకున్నా, అప్పుడు ఉత్తరం రాయండి.

దానికి ఆధారం 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 220(3) సెక్షన్. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం వచ్చినా, అంతకు ముందు సంవత్సరాల కేసులు పాత చట్టం కిందే నడుస్తాయి. మీది 2024-25లో వచ్చిన ఆదాయం కాబట్టి పాత సెక్షన్లనే రాయాలి. ఆ సెక్షన్ చెప్పేది చిన్న మాటే. కట్టాల్సిన గడువు ముగియక ముందే పన్ను చెల్లింపుదారు దరఖాస్తు పెట్టుకుంటే, అధికారి గడువు పొడిగించవచ్చు లేదా తనకు సబబనిపించిన షరతులతో వాయిదాలు ఇవ్వవచ్చు. ‘ఇవ్వవచ్చు’ అనే ఉంది, ‘ఇవ్వాలి’ అని లేదు. జీఎస్టీలో ఇరవై నాలుగు నెలసరి వాయిదాల దాకా అడగవచ్చని వ్యాపారులకు తెలుసు కాబట్టి ఇక్కడా అంతే ఉంటుందనుకుంటారు. ఈ సెక్షన్‌లో నెలల సంఖ్య ఏదీ లేదు. ఎన్ని నెలలన్నది మీరు చూపించే లెక్కను బట్టి, అధికారి విచక్షణను బట్టి తేలుతుంది.

గడువు దగ్గర చాలామంది పప్పులో కాలేస్తారు. ముప్పై రోజులు నోటీసు అందిన తేదీ నుంచి లెక్క. పోర్టల్‌లోని మీ ఖాతాలో, మీరు ఇచ్చిన ఈమెయిల్‌లో అది చేరిన రోజే అందినట్టు. ఆడిటరు ఫోన్ చేసి చెప్పిన రోజును లెక్కలోకి తీసుకోరు. జూన్ 8న అందితే జూలై 8 ఆఖరు రోజు. తొమ్మిదో తేదీ నుంచి వడ్డీ మొదలవుతుంది, అదే రోజు నుంచి చట్టం దృష్టిలో మీరు బాకీ ఎగవేసినవారి కిందికి వస్తారు. ఆ తర్వాత ఇచ్చిన దరఖాస్తును అధికారి చూడకుండా పక్కన పడేస్తారని కాదు. కానీ ఆ సరికి ఖాతా స్తంభింపజేసే అధికారం ఆయన చేతిలో ఉంటుంది, మీరు 220(3) గడువు దాటి అడుగుతున్నవారు అవుతారు. జూన్ నెలాఖరులోపే ఉత్తరం ఇచ్చేయండి.

ఇక ఎవరికి రాయాలన్నది. మీ ఆర్డర్ ఫేస్‌లెస్ పద్ధతిలో వచ్చి ఉంటుంది. దాని మీద ఢిల్లీ కేంద్రం పేరు ఉంటుంది, కింద ఏ అధికారి పేరూ కనిపించదు. ఆర్డర్ వచ్చిన ఈమెయిల్‌కే జవాబుగా వాయిదాల ఉత్తరం పంపించి, పని అయిపోయిందని నిశ్చింతగా కూర్చున్నవారు ఉన్నారు. ఆ కేంద్రం పని ఆర్డర్‌తో అయిపోతుంది. తర్వాత ఫైలు మీ ఊరి పరిధి అధికారికి బదిలీ అవుతుంది, వసూలు చేసేది ఆయనే, వాయిదాలు ఇవ్వాల్సిందీ ఆయనే. ఆదాయపు పన్ను పోర్టల్‌లో Know Your AO అనే చోట మీ పాన్ నంబరు ఇస్తే ఆ వార్డు, కార్యాలయం ఉన్న భవనం, అధికారిక ఈమెయిల్ కనిపిస్తాయి. ఉత్తరాన్ని ఆ ఈమెయిల్‌కు పంపి, కాగితం రూపంలో రెండు ప్రతులు తీసుకుని కార్యాలయానికి వెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీతో రసీదు ముద్ర వేయించుకోండి. ఆ ముద్ర ఉన్న ప్రతి రేపు మీకు చాలా పనికొస్తుంది.

పోర్టల్‌లో Response to Outstanding Demand అనే పేజీ కూడా ఉంటుంది. అక్కడ డిమాండు సరైనదేనని నొక్కితే సరిపోతుందనుకోకండి. అది ఒప్పుకోలు మాత్రమే, వాయిదాల దరఖాస్తు కాదు. పైగా ఒకసారి సరైనదేనని చెప్పాక మళ్లీ కాదనడం కుదరదు.

ఉత్తరంలో ప్రాణం వాయిదాల పట్టికలో ఉంటుంది. కష్టాల వర్ణన ఎంత హృదయవిదారకంగా రాసినా, అధికారి ఫైలులో పెట్టుకుని పై అధికారికి చూపించగలిగేది తేదీలూ మొత్తాలూ ఉన్న పట్టికే. ‘వీలున్నంత త్వరలో కడతాను’ అన్న ఉత్తరం మీద ఆయన ఏమీ రాయలేరు. ఇంకో సంగతి. వసూళ్ల లెక్క శాఖలో మార్చి 31కి ముగుస్తుంది. ఆ తేదీకి ముందే పూర్తయ్యే పట్టికకూ, తర్వాతి సంవత్సరంలోకి జారిపోయే పట్టికకూ ఎదురయ్యే ఆదరణలో తేడా ఉంటుంది. మీకు జూలై నుంచి మార్చి దాకా తొమ్మిది నెలలు చేతిలో ఉన్నాయి. లక్ష ఇప్పుడు కడితే మిగిలేది 5,40,000. నెలకు అరవై వేల చొప్పున తొమ్మిది వాయిదాలు సరిగ్గా సరిపోతాయి.

కానీ మీ దుకాణానికి నెలకు అరవై వేలు ఒకే తీరున వస్తాయా? బట్టల వ్యాపారంలో ఆషాఢం ఒక రకం, శ్రావణం ఒక రకం, దసరా నుంచి సంక్రాంతి దాకా మరో రకం. సమాన వాయిదాలు చూడటానికి ముచ్చటగా ఉంటాయి, కానీ మొదటి దెబ్బ జూలైలోనే తగులుతుంది. ఆ ఒక్క వాయిదా తప్పితే ఏమవుతుందో చెబుతాను. 220(5) ప్రకారం అది తప్పిన రోజే మిగిలిన బాకీ అంతా ఒక్కసారిగా కట్టాల్సి వచ్చినట్టు లెక్క. ఎనిమిది నెలల వెసులుబాటు ఒక్కరోజులో పోతుంది. కాబట్టి రాబడి ఎప్పుడు వస్తుందో దాన్ని బట్టే పట్టిక వేయండి. ఇలా చూడండి: జూలై 25న 30,000, ఆగస్టు 25న 50,000, సెప్టెంబర్ 25న 40,000, అక్టోబర్ 25న 90,000, నవంబర్ 25న 90,000, డిసెంబర్ 25న 50,000, జనవరి 25న 1,00,000, ఫిబ్రవరి 25న 50,000, మార్చి 25న 40,000. మొత్తం 5,40,000.

నెలకు నూటికి రూపాయి చొప్పున, ప్రతి నెలా అప్పటికి మిగిలిన బాకీ మీద వడ్డీ వేసుకుంటే ఈ పట్టికకు 28,200 రూపాయలు అవుతుంది. సమానంగా అరవై వేల చొప్పున అయితే 27,000 అయ్యేది. సీజను ప్రకారం కట్టినందుకు మీకు అదనంగా పడేది 1,200 మాత్రమే. వాయిదా తప్పే ప్రమాదంతో పోలిస్తే అదేమంత భారం కాదు. ఈ వడ్డీ వాయిదాలు మంజూరైనా ఆగదు. ‘వడ్డీ లేని వాయిదాలు’ అని అడగకండి, అది ఆ సెక్షన్‌లో అధికారి చేతిలో లేదు.

తేదీ 25గా ఎంచుకోవడానికీ కారణం ఉంది. నెలలో కొంత భాగం గడిచినా పూర్తి నెల వడ్డీ వేస్తారు. మీకు వడ్డీ జూలై 9న మొదలవుతుంది. నెలను తొమ్మిది నుంచి ఎనిమిది దాకా లెక్క కట్టినా, క్యాలెండరు ప్రకారం ఒకటి నుంచి ముప్పై ఒకటి దాకా లెక్క కట్టినా 25వ తేదీ అదే నెలలో పడుతుంది. అదే ప్రతి నెలా పదో తేదీన కడతానని రాసి ఉంటే, మొదటి వాయిదా ఆగస్టు 10కి పోయేది, అప్పటికి 5,40,000 మీద రెండో నెల వడ్డీ కూడా పడేది.

ఈ పట్టికను అధికారి నమ్మాలంటే దానికి సాక్ష్యం కావాలి. మీ దగ్గర అది సిద్ధంగానే ఉంది. గత సంవత్సరం నెలనెలా వేసిన జీఎస్టీఆర్-3బి రిటర్నుల్లో ఏ నెల ఎంత అమ్మారో ఉంటుంది. జూలైలో ఎంత, అక్టోబర్‌లో ఎంత అని పన్నెండు అంకెలు ఒక కాగితం మీద రాసి, ఆ పక్కన మీరు ప్రతిపాదించే వాయిదా రాయండి. ఆ రెండు వరుసలూ కలిసి ఎక్కి, కలిసి దిగుతూ కనిపిస్తే మీరు పెద్దగా వాదించాల్సిన పని ఉండదు. దీనికి తోడుగా అన్ని బ్యాంకు ఖాతాల ఆరు నెలల స్టేట్‌మెంట్లు జతచేయండి. అన్ని ఖాతాలూ అన్నాను. ఒక ఖాతా వదిలేస్తే అది పాన్ నంబరు ద్వారా ఆయనకు కనిపిస్తూనే ఉంటుంది, ఆ తర్వాత మీరు రాసిన మిగతా మాటల మీద కూడా నమ్మకం పోతుంది. అదే కారణంతో ‘నాకు వేరే ఏ ఆస్తీ లేదు’ అని రాయవద్దు. ఆపరేషన్ బిల్లు, సరుకు ఇచ్చినవారి బాకీల జాబితా చాలు. పెళ్లి ఖర్చు ఒక్క ముక్కలో చెప్పండి, దాని బిల్లులు పెట్టకండి. పన్ను కట్టాల్సిన డబ్బును పెళ్లికి ఖర్చు పెట్టాననడం అధికారి ముందు గొప్ప వాదన కాదు, దాని మీద ఎంత ఎక్కువ రాస్తే అంత బలహీనపడుతుంది.

లక్ష రూపాయలు ఉత్తరానికి ముందే కట్టేయండి. ‘అనుమతిస్తే కడతాను’ అన్నదానికీ ‘కట్టాను, చలానా జతచేశాను’ అన్నదానికీ చాలా దూరం. కట్టేటప్పుడు పోర్టల్‌లో e-Pay Tax లోకి వెళ్లి, Demand payment as Regular Assessment Tax (400) అన్నదాన్నే ఎంచుకుని, మీ డిమాండ్ రిఫరెన్స్ నంబరు మీదే కట్టాలి. అలవాటు కొద్దీ సెల్ఫ్ అసెస్‌మెంట్ పన్ను, అంటే 300 కింద కడితే డబ్బు ప్రభుత్వానికి చేరుతుంది కానీ ఈ బాకీలోంచి తగ్గదు. కట్టిన కొద్ది రోజులకు పోర్టల్‌లో బాకీ మొత్తం తగ్గిందో లేదో చూసుకోవాలి. తగ్గకపోతే చలానా మీద ఉండే బీఎస్ఆర్ కోడ్, తేదీ, వరుస నంబరు రాసి అదే అధికారికి పంపండి.

ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. నమూనా కింద ఇస్తున్నాను. కార్యాలయానికి ఆంగ్లంలో ఇవ్వడం అక్కడి వాడుక కాబట్టి మీ ఆడిటరు గారి చేత ఇదే వరుసలో రాయించండి. అంకెలను మీ కాగితాలతో సరిచూసుకోండి.

> ఆదాయపు పన్ను అధికారి గారికి, వార్డు …, రాజమహేంద్రవరం.
>
> విషయం: 2025-26 అసెస్‌మెంట్ సంవత్సరపు డిమాండు రూ. 6,40,000ను 220(3) సెక్షన్ కింద వాయిదాల్లో చెల్లించేందుకు అనుమతి కోరుతూ దరఖాస్తు. పాన్: … డిమాండ్ రిఫరెన్స్ నంబర్: …
>
> అయ్యా,
>
> పై సంవత్సరానికి 156 సెక్షన్ కింద పంపిన డిమాండు నోటీసు నాకు జూన్ 8న అందింది. చెల్లింపు గడువు జూలై 8. ఈ దరఖాస్తును గడువు లోపల సమర్పిస్తున్నాను.
>
> డిమాండులో రూ. 1,00,000 జూన్ 24న చెల్లించాను. చలానా జతచేశాను.
>
> మిగిలిన రూ. 5,40,000 ఒకేసారి చెల్లించే నగదు నా వద్ద లేదు. స్థలం అమ్మగా వచ్చిన సొమ్ము కుమార్తె వివాహానికి, నా భార్య శస్త్రచికిత్సకు ఖర్చయింది. నా బ్యాంకు ఖాతాలన్నింటి స్టేట్‌మెంట్లు, ఆసుపత్రి బిల్లు, సరుకు సరఫరాదారులకు చెల్లించాల్సిన బాకీల జాబితా జతచేశాను.
>
> నా ఆదాయం బట్టల దుకాణం నుంచి వస్తుంది. అమ్మకాలు నెలనెలా మారుతుంటాయి. గత సంవత్సరపు జీఎస్టీఆర్-3బి రిటర్నుల ప్రకారం నెలవారీ అమ్మకాలను, వాటికి అనుగుణంగా ప్రతిపాదిస్తున్న వాయిదాలను జతచేసిన పట్టికలో చూపాను. వాయిదాలు ప్రతి నెలా 25వ తేదీన, జూలై 25న మొదలై మార్చి 25తో ముగుస్తాయి.
>
> 220(2) సెక్షన్ కింద పడే వడ్డీని మీరు లెక్కగట్టి తెలిపిన వెంటనే మార్చి 31లోగా చెల్లిస్తాను. ప్రతి వాయిదా చలానాను చెల్లించిన మూడు రోజుల్లో మీకు పంపుతాను.
>
> పై పట్టిక ప్రకారం చెల్లించేందుకు అనుమతించి, ఆ కాలంలో నన్ను బాకీ ఎగవేసినవానిగా పరిగణించవద్దని, ఉత్తర్వును లిఖితపూర్వకంగా ఇప్పించవలసిందని కోరుతున్నాను.

ఇందులో ఆర్డర్ తప్పనో, అన్యాయమనో ఒక్క మాట కూడా లేదని గమనించారా? కావాలనే వదిలేశాను. అప్పీలు వేసినవారు వసూలు ఆపమని 220(6) కింద అడుగుతారు. వారిని సాధారణంగా వివాదంలో ఉన్న పన్నులో కొంత శాతం కట్టమంటారు. ఆ దరఖాస్తు వేరు, ఇది వేరు. రెండింటినీ ఒకే కాగితంలో కలిపితే, ఒప్పుకుంటున్నారా పోట్లాడుతున్నారా అర్థం కాక ఫైలు పక్కకు పోతుంది. ఒక హెచ్చరిక: అప్పీలు గడువు కూడా అదే ముప్పై రోజులు, వాయిదాల ఉత్తరం దాన్ని పొడిగించదు. అప్పీలు వద్దన్న నిర్ణయం ఖాయమైతేనే ఈ దారి.

ఉత్తరం ఇచ్చాక చాలాసార్లు జవాబు రాదు. జవాబు రాకపోవడం మంజూరు కాదు. అలాగని తిరస్కారమూ కాదు. పది రోజులు చూసి, ముద్ర ఉన్న ప్రతితో వెళ్లి అధికారిని కలవండి. లోపల చెప్పే మాట రెండు నిమిషాల్లో అయిపోవాలి: ఎంత బాకీ, ఎంత కట్టాను, మిగిలింది ఎప్పటికి పూర్తవుతుంది. ఆయన మొదటి వాయిదా పెంచమని అడగవచ్చు, ఆరు నెలల్లో ముగించమనవచ్చు. కట్టగలిగితే ఒప్పుకోండి, కట్టలేనిది మొహమాటానికి ఒప్పుకోకండి. తప్పిన వాయిదాకు చట్టంలో ఏమవుతుందో పైన చెప్పాను. నోటిమాటగా ‘సరే కట్టుకోండి’ అంటే సంతోషించి వచ్చేయకుండా, అదే రోజు సాయంత్రం ‘ఈ రోజు మీరు సూచించిన ప్రకారం…’ అని ఒక ఈమెయిల్ పంపండి. అధికారులు బదిలీ అవుతుంటారు, తర్వాత వచ్చేవారికి ఫైలులో ఉన్నదే తెలుస్తుంది. ఉత్తర్వు వచ్చినా రాకపోయినా జూలై 25న మొదటి వాయిదా కట్టి చలానా పంపించేయండి. అధికారి వాయిదాలు కుదరవంటే రేంజ్ అధికారి అయిన జాయింట్ లేదా అడిషనల్ కమిషనర్‌కు అవే కాగితాలతో విన్నవించుకోవచ్చు.

ఖాతా సంగతి అడిగారు. 226(3) సెక్షన్ కింద అధికారి నేరుగా మీ బ్యాంకుకు నోటీసు పంపి ఖాతాలోని డబ్బు తెప్పించుకోగలరు. దుకాణం కరెంటు ఖాతా మీద ఆ నోటీసు పడితే సరుకు ఇచ్చినవారికి రాసిన చెక్కులు వెనక్కి వస్తాయి. మామూలుగా అది హఠాత్తుగా రాదు. ముందు ఫోన్లు వస్తాయి, తర్వాత 221 సెక్షన్ కింద ‘బాకీ కట్టనందుకు జరిమానా ఎందుకు వేయకూడదు’ అని సంజాయిషీ నోటీసు వస్తుంది. ఆ జరిమానా బాకీ ఉన్న పన్ను మొత్తం దాకా వెళ్లగలదు. కానీ కట్టకపోవడానికి తగిన కారణం చూపితే వేయకూడదని అదే సెక్షన్ చెబుతోంది. అలాంటి నోటీసు వస్తే దానికి జవాబు గడువులోగా పోర్టల్‌లోనే ఇవ్వండి. వాయిదాల దరఖాస్తు ప్రతి, రసీదు ముద్ర, అప్పటిదాకా కట్టిన చలానాలు జతచేస్తే చాలు, కొత్త కథ చెప్పనక్కరలేదు. ఈ తొమ్మిది నెలల్లో మీకు వేరే ఏ సంవత్సరపు రిఫండ్ రావాల్సి ఉన్నా, దాన్ని ఈ బాకీలో జమ వేసుకుంటామని 245 సెక్షన్ కింద తెలియజేస్తారు. అది జరిగితే ఆ మొత్తాన్ని చివరి వాయిదాల నుంచి తగ్గించమని అధికారికి రాయండి, మీ అంతట మీరు ఆ నెల వాయిదా ఆపకండి.

ఇక వడ్డీ 28,200. అది పట్టికలో లేదు కాబట్టి చాలామంది మర్చిపోతారు, మార్చిలో ఆఖరి వాయిదా కట్టి ఊపిరి పీల్చుకున్నాక కొత్త డిమాండుగా కనిపిస్తుంది. సంక్రాంతి అమ్మకాల్లోంచి ఆ మొత్తాన్ని విడిగా తీసిపెట్టుకోండి, మార్చి మొదటివారంలో అధికారికి లెక్క కట్టి ఇమ్మని రాయండి.